వెబినార్ అయ్యాక మేడమ్‌కి ఏం రాయాలి?

ఫార్మా వెబినార్లలో చివరి పది నిమిషాలు దాదాపు ఒకేలా గడుస్తాయి. ఆఖరి స్లయిడ్ మీద "మా టీమ్‌లో ఖాళీలున్నాయి" అని ఓ ముక్క కనిపిస్తుంది. లేదా ఎవరో అడిగితే వక్త నవ్వి, "మంచివాళ్ల కోసం ఎప్పుడూ చూస్తూనే ఉంటాం" అంటారు. ఆ సాయంత్రానికల్లా ఆమె లింక్డ్‌ఇన్ నిండా ఒకే రకం సందేశాలు. "నైస్ సెషన్ మేడమ్, ప్లీజ్ ఫైండ్ మై రెజ్యుమే." "ఎనీ ఓపెనింగ్స్ మేడమ్?" వీటికి జవాబు రాకపోతే మనవాళ్లు పొగరనుకుంటారు. పొగరేమీ కాదు. ఆ సందేశాలు చదివినా వాటితో ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎందుకో తెలియాలంటే ఆమె కుర్చీలోంచి చూడాలి. హైరింగ్ మేనేజర్ అంటే హెచ్ఆర్ కాదు. రేపు మీరు చేరితే ఎవరి కింద పనిచేస్తారో ఆ మనిషి: క్వాలిటీ కంట్రోల్ హెడ్, ప్రొడక్షన్ మేనేజర్, వాలిడేషన్ ఇన్‌చార్జి. ఎవరిని తీసుకోవాలనే మాటలో ఆమెదే పైచేయి. కానీ కుర్చీని సృష్టించే అధికారం మాత్రం ఆమెది కాదు. మనిషి కావాలని ఆమె రిక్విజిషన్ పెట్టాలి, పైవాళ్లు, ఫైనాన్స్ వాళ్లు ఆమోదించాలి, అప్పుడు హెచ్ఆర్‌లో నియామకాలు చూసేవాళ్లు దాన్ని తెరుస్తారు. మీ సందేశం వెళ్లిన రోజున ఆ కాగితం ఏ బల్ల మీద ఉందో మీకు తెలియదు. అసలు పుట్టి ఉండకపోవచ్చు కూడా. అందుకే ఆ రోజు రెజ్యుమే పంపడమంటే తలుపే లేని గోడ తట్టడం.

దరఖాస్తు పెట్టినవాడి ఫాలోఅప్ వేరు, వేదిక మీద చూసినవాడి ఫాలోఅప్ వేరు. దరఖాస్తుదారుకి ఒక నంబరుంటుంది, ఒక ఖాళీ ఉంటుంది, "నా దరఖాస్తు ఏమైంది?" అని అడిగే హక్కు కొంతైనా ఉంటుంది. ప్రసంగం విన్నవాడికి అవేవీ లేవు. ఉన్నదల్లా ఆమె మాట్లాడిన విషయం. కాబట్టి మొదటి సందేశం అడగాల్సింది ఉద్యోగం కాదు. రేపు ఖాళీ తెరుచుకున్న రోజున ఆమె హెచ్ఆర్‌తో "ఆ వెబినార్‌లో ఫలానా ప్రశ్న అడిగిన అబ్బాయి ఉన్నాడే, అతన్ని చూడండి" అనగలిగేలా ఒక్క వాక్యం ఆమె దగ్గర మిగలాలి. తక్కిన పనంతా దానికోసమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో నాలుగేళ్లుగా అనలిస్టుగా ఉన్న కుర్రాడు. హైదరాబాద్ వైపు రావాలని ఉంది. ఒక శనివారం ఉదయం డేటా ఇంటెగ్రిటీ మీద వెబినార్ చూశాడు. మాట్లాడినామె హైదరాబాద్ శివార్లలోని ఒక పెద్ద కంపెనీ క్యూసీ హెడ్. మనుషులు ఊహించినవాళ్లే గాని, ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఇద్దరూ తెలిసినవాళ్లలాగే ఉంటారు.

విషయం కాస్త చెప్పుకోవాలి, లేకపోతే అతని ప్రశ్న విలువ తెలియదు. మందులో ఏది ఎంత ఉందో తేల్చడానికి ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం వాడతారు. అది ఒక్కో పదార్థానికి ఒక్కో శిఖరం గీస్తుంది. ల్యాబ్‌లో దాన్ని పీక్ అంటారు. శిఖరం కింద ఉన్న వైశాల్యాన్ని బట్టి పరిమాణం లెక్కిస్తారు. శిఖరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మామూలుగా సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. ఒక్కోసారి అది తప్పుగా గీస్తే అనలిస్టు చేత్తో సరిచేస్తాడు. దీన్ని మాన్యువల్ ఇంటెగ్రేషన్ అంటారు. గీత కాస్త జరిపితే ఫెయిలయ్యే బ్యాచ్ పాసవగలదు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వస్తే ముందు ఆడిట్ ట్రెయిల్ తెరిచి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూస్తారు. డేటా ఇంటెగ్రిటీ మీద ఎఫ్‌డీఏ ప్రశ్నోత్తరాల రూపంలో 2018 డిసెంబరులో తుది మార్గదర్శకం ఇచ్చింది. క్యూసీ వాళ్లకి అది పరిచయమైన పత్రమే.

మన కుర్రాడు ప్రశ్నల పెట్టెలో ఇలా అడిగాడు: "నైట్ షిఫ్ట్‌లో అనలిస్టు ఒక్కడే ఉన్నప్పుడు మాన్యువల్ ఇంటెగ్రేషన్ అవసరమైతే, రెండో మనిషి ఆమోదం కోసం తెల్లవారేదాకా ఆగాలా?" ఆమె ఆగి జవాబిచ్చింది. "ఆగాల్సిందే. ముడి డేటాని ముట్టుకోకుండా వదిలి, కారణం రాసిపెట్టండి. పొద్దున రివ్యూయర్ ఒప్పుకున్నాకే ఫలితం లెక్కకట్టండి" అంది. ఈ ప్రశ్న పుస్తకంలోంచి పుట్టింది కాదు, ల్యాబ్‌లో రాత్రుళ్లు నిలబడ్డవాడికే తడుతుంది. ఆ సంగతి ఆమె వెంటనే పసిగట్టి ఉంటుంది.

ఇక్కడే చాలామంది ఒక చిన్న విషయంలో చేజేతులా చెడగొట్టుకుంటారు. జూమ్‌లో ప్రశ్న పక్కన కనిపించేది మీరు చేరేటప్పుడు ఇచ్చిన పేరే. ఫోన్‌లోంచి చేరి ఫోన్ మోడల్ పేరే అలా వదిలేస్తే, ప్రశ్న ఎంత గొప్పదైనా అడిగింది ఓ ఫోన్ అవుతుంది. పేరు దాచి అడిగే వీలుంటే అది టిక్కయి ఉందేమో కూడా చూసుకోవాలి. ఇంటిపేరుతో కలిపి, లింక్డ్‌ఇన్‌లో ఎలా ఉందో అలాగే పేరు పెట్టుకోవాలి. ఇక రిజిస్ట్రేషన్ సొంత మెయిల్‌తోనే చేయాలి. ఆఫీసు మెయిల్ ఇస్తే హాజరు జాబితాలో మీ కంపెనీ పేరుతో పడతారు. ఫార్మా ప్రపంచం చిన్నది, అదే వెబినార్‌లో మీ సార్ కూడా కూర్చుని ఉండొచ్చు.

వెబినార్ శనివారం అయితే సోమవారం ఉదయం రాయడం మేలు. ఒకటి రెండు రోజులు దాటితే ప్రశ్న ఆమె మనసులోంచి జారిపోతుంది. అదే రోజు సాయంత్రం రాస్తే ఆ వరదలో మీదీ కొట్టుకుపోతుంది. లింక్డ్‌ఇన్‌లో కనెక్ట్ అభ్యర్థనతో పాటు చిన్న నోట్ రాయొచ్చు. ఉచిత ఖాతాలో ఆ నోట్‌కి సుమారు 200 అక్షరాలే ఇస్తారు, అదీ నెలకు కొన్ని సార్లే. కొందరు వక్తల పేజీలో ఫాలో బటనే ముందు కనిపిస్తుంది. కనెక్ట్ అనేది పక్కన మూడు చుక్కల మెనూలో దాక్కుని ఉంటుంది. ఆ 200 అక్షరాల్లో ఇంగ్లిష్‌లో అతను రాసినదాని సారం ఇది:

"మేడమ్, శనివారం వెబినార్‌లో నైట్ షిఫ్ట్ ఇంటెగ్రేషన్ ప్రశ్న నాదే. పొద్దున్నదాకా ఆగమన్న మీ జవాబు మా చర్చను తేల్చింది. నాలుగేళ్లుగా క్యూసీలో ఉన్నాను. కనెక్ట్ అవ్వాలని ఉంది."

రెజ్యుమే లేదు, ఖాళీల మాట లేదు. "మీ దగ్గర పనిచేయాలని నా కల" లాంటి పూలదండా లేదు. మనవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఆమె ఊరు కనుక్కుని "మాదీ గుంటూరే మేడమ్" అని మొదలెడతారు. సదస్సులో టీ దగ్గర ఎదురైతే ఆ మాట బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాదనను. రాతలో మాత్రం సిఫార్సు అడుగుతున్నట్టు ధ్వనిస్తుంది. రేపు ఆ సందేశాన్ని ఆమె హెచ్ఆర్‌కి చూపించాలన్నా ఇబ్బందే. భాష సంగతి కూడా అంతే. ఆమె తెలుగామే అయినా మొదటి రాత ఇంగ్లిష్‌లోనే ఉంటే దాన్ని ఎవరికైనా పంపడం తేలిక.

వాట్సాప్ మాత్రం వద్దు. ఫార్మా గ్రూపుల్లో ఆమె నంబరు దొరకొచ్చు, దొరికినంత మాత్రాన అది మీకు ఇచ్చినట్టు కాదు. కంపెనీ మెయిల్ ఐడీ ఇలా ఉంటుందేమోనని ఊహించి పంపడమూ అలాంటిదే. స్లయిడ్ మీద ఆమె తనంతట తాను మెయిల్ రాసి ఉంచితే అది వాడుకోవచ్చు, నిజానికి లింక్డ్‌ఇన్ కన్నా అదే మేలు.

ఆమె అభ్యర్థన ఒప్పుకుంది. ఇంకేమీ రాయలేదు. చాలామంది వక్తలు ఇంతే చేస్తారు. ఈ మౌనాన్ని ఆహ్వానంగా తీసుకుని వెంటనే రెజ్యుమే పడేయడం రెండో పెద్ద పొరపాటు. వారం, పది రోజులు ఆగి మన కుర్రాడు రెండో సందేశం రాశాడు. ఈసారి అతని దగ్గర చెప్పడానికి ఏదో ఉంది. చిన్న ఇంప్యూరిటీ శిఖరాల దగ్గరే చేత్తో గీయాల్సిన అవసరం ఎక్కువగా వస్తుందనీ, మెథడ్ రాసేటప్పుడే ఇంటెగ్రేషన్ సెట్టింగులు ఆ చిన్న శిఖరాలకి సరిచూసుకుంటే రాత్రి వచ్చే తగాదాలో చాలా భాగం పోతుందనీ తనకు అనిపించిందన్నాడు. ఆమె ల్యాబ్‌లో కూడా మార్పు అక్కడి నుంచే మొదలెట్టారా అని అడిగాడు. చివరన ఒక్క వాక్యం: "హైదరాబాద్ ప్రాంతంలో ఇలాంటి పని ఉన్న అవకాశాల కోసం చూస్తున్నాను. మీ టీమ్‌లో ఎప్పుడైనా ఖాళీ వస్తే తెలుసుకోవాలని ఉంది."

ఉద్యోగం మాట వచ్చింది, కానీ చివర్లో, ఒక్కసారే. "లేదు" అనడానికీ, ఊరుకోవడానికీ, "సీవీ పంపండి" అనడానికీ ఆమెకు సమానంగా వీలుంది.

ఈ రెండో సందేశంలో ఒక గొయ్యి ఉంది, ఫార్మావాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. తన అనుభవం చూపించాలన్న ఆత్రంలో "మా కంపెనీలో ఫలానా ప్రొడక్ట్‌లో పోయిన నెలలో ఇన్ని డీవియేషన్లు వచ్చాయి", "మా ఎస్‌ఓపీలో ఇలా ఉంది, కాపీ జత చేస్తున్నాను" అని రాసేస్తారు. చదివే మేనేజర్‌కి తట్టే మొదటి ఆలోచన ఒకటే: ఇతను రేపు మా సంగతులు కూడా ఇంకొకరికి ఇలాగే రాస్తాడు. పైగా ఆమె మాట్లాడింది డేటా నమ్మకం గురించి! ప్రొడక్ట్ పేరు, సంఖ్యలు, పత్రాలు, తనిఖీలో తేలిన లోపాలు ఏవీ బయటికి రాకూడదు. పద్ధతి గురించి, బహిరంగ మార్గదర్శకం గురించి, మీకు కలిగిన సందేహం గురించి ఎంతైనా రాయొచ్చు.

ఈ మాత్రం పరిచయానికి ఇంత శ్రమ ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. దీనికి పాతదే అయినా గట్టి ఆధారం ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ దగ్గరి ఒక ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగి చూస్తే, ఆ తెలిసినవాళ్లలో ఎక్కువమంది రోజూ కలిసే స్నేహితులు కారు, ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవాళ్లే. దగ్గరివాళ్లకి మనకు తెలిసిందే తెలుసు, దూరపువాళ్లకి వేరే కబురు తెలుసు. 2022లో లింక్డ్‌ఇన్ డేటా మీద 2 కోట్ల మందికి పైగా సభ్యులతో జరిగిన పరిశీలన సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక మోస్తరు దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని అందులో తేలింది. మరీ పలచని పరిచయాలు అంతగా పనికి రాలేదు. వెబినార్‌లో చూసిన వక్త మొదట్లో పరిచయమే కాదు. ఆ రెండు సందేశాలూ చేసే పని, ఏమీ లేనిచోట ఓ మోస్తరు పరిచయాన్ని నిలబెట్టడం.

ఇప్పుడు ఆమె జవాబు చదవడం. మూడు రకాలుగా రావచ్చు.

"ప్లీజ్ అప్లై ఆన్ అవర్ వెబ్‌సైట్" అని ఒక్క ముక్క వస్తే చాలామంది డీలా పడతారు. అది మర్యాదగా వద్దనడం కావచ్చు, నిజంగా పద్ధతి కావచ్చు. తేడా తెలుసుకునే గుర్తు ఉంది. జాబ్ ఐడీ ఇచ్చినా, హెచ్ఆర్‌లో ఎవరో ఒకరి పేరు చెప్పినా, "అప్లై చేశాక నాకు చెప్పండి" అన్నా అది పద్ధతే. వెబ్‌సైట్ చిరునామా తప్ప మరేదీ లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. దరఖాస్తు పెట్టండి గానీ, ఆమెకి మళ్లీ రాయకండి.

రెండోది మన దగ్గర మరీ మామూలు: "ఆదివారం వాక్-ఇన్ ఉంది, రండి." ఫార్మాలో అనలిస్టు స్థాయి ఉద్యోగాలు చాలా భాగం వాక్-ఇన్ ఇంటర్వ్యూల్లోనే నిండుతాయి. ఇది తీసిపారేసినట్టు కాదు. ఆమె స్వయంగా ప్యానెల్‌లో కూర్చుంటుందో లేదో ఒక్క లైనులో అడగండి, వెళ్లండి. టోకెన్ పట్టుకుని వరుసలో నిలబడక తప్పదు గానీ, లోపలికి వెళ్లాక "నైట్ షిఫ్ట్ ప్రశ్న" అంటే గుర్తుపట్టే మనిషి ఒకరుంటారు.

మూడోది "సీవీ పంపండి." అప్పుడు రాసే మెయిల్ ఆమె కోసం కాదు, ఆమె ఫార్వర్డ్ చేస్తే చదివేవాళ్ల కోసం. ఆమె ఒక్క అక్షరం కూడా చేర్చకుండా ముందుకు పంపగలగాలి. విషయం లైనులో పేరు, పని, ఎన్నేళ్ల అనుభవం. లోపల ఐదారు లైన్లు: పరిచయం ఎక్కడ, ఇప్పుడు చేస్తున్న పని, వాడిన యంత్రాలూ సాఫ్ట్‌వేరూ, ఎదుర్కొన్న ఆడిట్లు, నోటీస్ పీరియడ్, హైదరాబాద్ రావడానికి సిద్ధమేనా. ఆడిట్ల మాట తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే క్యూసీ ఇంటర్వ్యూల్లో "ఏ ఆడిట్లు ఫేస్ చేశారు?" అన్నది ఎలాగూ అడుగుతారు. ఎఫ్‌డీఏ తనిఖీలో మీరు బెంచ్ దగ్గర నిలబడి జవాబు చెప్పారా, లేక ఆ రోజుల్లో కంపెనీలో ఉన్నారంతేనా అన్నది నిజంగా రాయండి. అక్కడ పెంచి రాసినవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. జీతం సంగతి ఆమెకు రాయొద్దు, అది హెచ్ఆర్‌తో తేల్చుకునేది. ఫైల్ పీడీఎఫ్‌లో, దాని పేరులో మీ పేరు. "రెజ్యుమే ఫైనల్ న్యూ 2" అని కాదు.

సీవీ అడగగానే మేనేజర్లో హెచ్ఆరో తప్పక అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. "ఇంతకుముందు మా కంపెనీకి అప్లై చేశారా? ఏదైనా కన్సల్టెన్సీ ద్వారా వచ్చారా?" దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక కన్సల్టెన్సీ మీ ప్రొఫైల్ ఆ కంపెనీకి ఇదివరకే పంపి ఉంటే, కొన్ని నెలల పాటు ఆ అభ్యర్థి వాళ్ల ఖాతాలోనే లెక్క. మీరు చేరితే కమీషన్ వాళ్లకి. అది దాచి మేనేజర్ ద్వారా కొత్తగా వచ్చారనుకోండి, ఆఫర్ దశలో తగాదా లేస్తుంది. తగాదా ఎందుకని కంపెనీ పక్కవాడిని తీసుకుంటుంది. అలాగే చాలా కంపెనీల్లో ఉద్యోగి రెఫరల్ లెక్కలోకి రావాలంటే మీరు సొంతంగా పోర్టల్‌లో అప్లై చేయకముందే అది నమోదవ్వాలి. కాబట్టి సంభాషణ నడుస్తుండగా తొందరపడి పోర్టల్‌లో మీరే పెట్టేయకండి, "నేను అప్లై చేయనా, మీ వైపు నుంచి పంపుతారా?" అని అడగండి. కన్సల్టెన్సీలకి సీవీ ఇచ్చేటప్పుడే "నన్నడగకుండా ఫలానా కంపెనీకి పంపొద్దు" అని మెయిల్‌లో రాసుకుంటే ఈ చిక్కు మొదట్లోనే తప్పుతుంది.

మన కుర్రాడికి వచ్చింది వీటిలో ఏదీ కాదు. రెండో సందేశానికి జవాబే రాలేదు. ఇక్కడ ఆగాలి. మూడోది "జస్ట్ ఫాలోయింగ్ అప్ మేడమ్", నాలుగోది "గుడ్ మార్నింగ్ మేడమ్" అని పువ్వు బొమ్మతో పంపితే, రెండు మంచి సందేశాలతో కట్టిన పేరు అక్కడే పోతుంది. మూడోసారి రాయడానికి సరైన కారణం ఒకటే: ఆ కంపెనీలో అతనికి సరిపోయే ఖాళీ నిజంగా ప్రకటించడం. అందుకని అతను కంపెనీ కెరీర్స్ పేజీలో అలర్ట్ పెట్టుకున్నాడు. అనుమతులు కొత్త ఆర్థిక సంవత్సరంతో, కొత్త బ్లాకులతో వస్తుంటాయి కాబట్టి ఏప్రిల్ తర్వాతి నెలల్లో కన్నేసి ఉంచాడు. నెలలు గడిచాక క్యూసీలో రివ్యూయర్ పోస్టు పడింది. అదే సంభాషణలో, పాత సందేశాల కిందే, మూడు లైన్లు రాశాడు: జాబ్ ఐడీ, తనకి ఎందుకు సరిపోతుందో ఒక వాక్యం, "మీ వైపు నుంచి పంపడం వీలవుతుందా, నేనే అప్లై చేయనా?" కొత్త మెయిల్‌లో కాకుండా అక్కడే రాయడం వల్ల, ఆమె కాస్త పైకి జరిపితే నైట్ షిఫ్ట్ ప్రశ్న కనిపిస్తుంది. ఇతనెవరో చెప్పుకోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక కూడా. పెద్ద వక్తల పేరు పెట్టి, "మేడమ్ మిమ్మల్ని రెఫర్ చేశారు, డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి ఇంత కట్టండి" అనే ఫోన్లు వస్తుంటాయి. వెబినార్ గ్రూపుల్లో మీ నంబరు పెట్టి ఉద్యోగం కావాలని రాసి ఉంటే మరీనూ. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అది మోసం. అనుమానమొస్తే ఆమె లింక్డ్‌ఇన్ సంభాషణలోనే ఒక్క లైను అడిగితే తేలిపోతుంది.

ఆమె సీవీ ముందుకు పంపాక ఇంటర్వ్యూ తేదీ, ఫలితం, జీతం అన్నీ హెచ్ఆర్‌తోనే మాట్లాడాలి. "నా రిజల్ట్ ఏమైంది మేడమ్?" అని ఆమెను అడిగితే ఆమె చెప్పలేదు, చెప్పకుండా ఉండటమూ ఇబ్బందే. హెచ్ఆర్ రెండు వారాలు పలకకపోతే ముందు వాళ్లకే మళ్లీ రాయాలి. ఆమెకు రాయాల్సిన సందర్భం వేరే ఉంది: ఈలోగా ఇంకో కంపెనీ ఆఫర్ ఇచ్చి మీరు ఒప్పుకుంటే. ఫార్మాలో నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలు సాగుతుంది. ఆ కాలమంతా ఆమె మీ కోసం కుర్చీ అట్టేపెట్టి, చివరి రోజున మీరు రావట్లేదని హెచ్ఆర్ ద్వారా వింటే, పైవాళ్ల ముందు మాట పడేది ఆమే. ఒప్పుకున్న రోజునే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, ఆమెకూ రెండు లైన్లు రాయాలి. ఆ రోజు రాస్తే ఆమె రెండో అభ్యర్థిని పిలవగలుగుతుంది.